గోదారి ఒండ్రు ఎక్కడ దిగుతుంది?

ఆగస్టు నెలలో ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కిందికి దూకే నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉంటాయి. వరద నీటిని గ్లాసుతో ముంచి గట్టు మీద పెడితే అడుగున ఇసుక నిమిషాల్లో పేరుకుంటుంది. మిగిలిన మడ్డిరంగు మాత్రం మర్నాటికీ అలాగే ఉంటుంది. ఇసుక పోయాక నీళ్లలో మిగిలేది బంకమన్ను. అందులో ఒక్కో రేణువు మిల్లీమీటరులో అయిదువందలో వంతు కూడా ఉండదు, అంటే రెండు మైక్రాన్లలోపే.

అంత చిన్న రేణువు నీళ్లలో ఎంత వేగంగా దిగుతుందో లెక్కగట్టవచ్చు. ఒక మైక్రాన్ రేణువుకు, మన గోదావరి నీటి వెచ్చదనంలో, రోజంతా కలిపి పది సెంటీమీటర్లు పడుతుంది. అయిదు మీటర్ల లోతున్న పాయలో అది అడుగుకు చేరాలంటే యాభై రోజులు కావాలి, అదీ నీళ్లు కదలకుండా నిలబడితే. వరద గోదారి సెకనుకు మీటరు చొప్పున నడిచినా రోజుకు 86 కిలోమీటర్లు పోతుంది. ఈ లెక్కన చూస్తే ఆ బంకమన్ను అంతర్వేది దగ్గరా, యానాం దిగువనా ఒక్క రేణువు కూడా దిగకూడదు, నేరుగా బంగాళాఖాతం మధ్యకు పోవాలి. కానీ గౌతమి ముఖద్వారం దగ్గరి మడ అడవుల్లో అడుగు వేసి చూసినవాళ్లకు తెలుసు, మోకాలి దాకా కూరుకుపోయే ఆ బురదంతా బంకమన్నే. నది మోసుకొచ్చినదాన్ని సముద్రం ముంగిట్లోనే ఎవరో దింపారన్నమాట.

దింపింది ఉప్పు. అందులోనూ మనం ఉప్పు అనగానే తలుచుకునే సోడియం కాకుండా, సముద్రపు నీటిలో తక్కువ పాళ్లలో ఉండే మెగ్నీషియం, కాల్షియం ముందుగా పనిలోకి దిగుతాయి. ఇది ఎలాగో తెలియాలంటే, అసలు ఈ రేణువులు నీళ్లలో ఒకదానికొకటి అంటుకోకుండా ఎందుకు తిరుగుతున్నాయో ముందు చూడాలి.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి దక్కను పీఠభూమి మీది నల్లరాతి నేలల గుండా వస్తుంది. ఆ బసాల్టు రాయి చివికి నల్లరేగడి అవుతుంది. నల్లరేగడిలో ముఖ్యమైన ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. ఇది రేకులు రేకులుగా ఉండే ఖనిజం. రేకులో సిలికాన్ ఉండాల్సిన చోట అక్కడక్కడ అల్యూమినియం, అల్యూమినియం ఉండాల్సిన చోట అక్కడక్కడ మెగ్నీషియం చేరిపోయి ఉంటాయి. వచ్చిన లోహానికి, పోయినదానికంటే ఒక ధనావేశం తక్కువ. ఆ లోటు రాతి నిర్మాణంలోనే ఉండిపోతుంది కాబట్టి రేకు ముఖం ఎప్పటికీ ఋణావేశంతో ఉంటుంది. నీళ్లు మార్చినా, కడిగినా ఆ ఆవేశం పోదు.

ఋణావేశం ఉన్న రేకు చుట్టూ నీళ్లలోని ధనాయాన్లు చేరతాయి. అవి రేకుకు పూర్తిగా అతుక్కుపోవు. ఒక పక్క ఆకర్షణ లాగుతుంటుంది, ఇంకో పక్క నీటి అణువుల నిరంతర కుదుపు చెదరగొడుతుంటుంది. ఆ రెండింటి మధ్య అవి రేకును చుట్టి ఒక పలచని పొరగా తిరుగుతుంటాయి. గోదావరి వంటి మంచినీటిలో ఈ పొర మందం ఐదారు నానోమీటర్లు. మైక్రాన్‌లో వెయ్యో వంతు నానోమీటరు. చెప్పుకోవడానికి ఎంత పలచనో, పనిలో అంత గట్టిది. రెండు రేణువులు దగ్గరకు వస్తే వాటికన్నా ముందు వాటి పొరలు తగులుతాయి, ఒకే ఆవేశం గనక నెట్టుకుంటాయి, రేణువులు విడిపోతాయి.

అయితే రేణువుల మధ్య ఆకర్షణ కూడా ఉంది. అన్ని పదార్థాల మధ్యా ఉండే వాన్‌డర్‌వాల్స్ ఆకర్షణే అది. దాని చిక్కంతా దూరంతోనే. రెండు మూడు నానోమీటర్ల లోపలికి వస్తే తప్ప అది గట్టిగా పట్టదు. అంత దగ్గరకు రానివ్వకుండా ఆవేశపు పొర ఆపుతుంది. రెండు రేణువుల మధ్య ఒక గట్టు ఉన్నట్టు అనుకోండి. గట్టు దాటితే రెండూ అవతలి గుంటలో పడి అతుక్కుంటాయి, ఇక వదలవు. మంచినీటిలో గట్టు ఎత్తు ఎక్కువ. రేణువులు నిత్యం ఢీకొంటూనే ఉన్నా, ఆ తాకిడి బలం గట్టు ఎక్కడానికి చాలదు. అందుకే గ్లాసులో నీళ్లు మర్నాటికీ తేటపడవు.

ఇప్పుడు ఆ నీటిలో ఉప్పు పడిందనుకుందాం. నీళ్లలో అయాన్ల సంఖ్య పెరుగుతుంది. రేకు ఆవేశాన్ని కప్పడానికి దూరం నుంచి అయాన్లు పోగవ్వక్కర్లేదు, పక్కనే బోలెడున్నాయి. పొర సన్నబడుతుంది. అసలు సముద్రపు నీటిలో దాని మందం 0.4 నానోమీటరు కూడా ఉండదు, నదిలో ఉన్నదానిలో పదిహేనో వంతు. ఆ మాత్రం పొరకు రేణువులను దూరంగా ఉంచే శక్తి లేదు. గట్టు కుంగి నేలమట్టమవుతుంది. ఢీకొన్న ప్రతి జతా అతుక్కుంటుంది. ఇంటర్ రసాయనశాస్త్రం పుస్తకంలో స్కందనం అని చదివింది ఇదే. నీళ్లలో కరిగి అయాన్లుగా విడిపోయే ఉప్పు వంటి పదార్థం, అంటే విద్యుద్విశ్లేష్యం, కలిపితే కొల్లాయిడ్ రేణువులు ముద్దకట్టి దిగిపోవడం.

ఉప్పు తగిలితే ఇలాంటి ద్రవాలు చెడిపోతాయని మైకెల్ ఫారడే 1857లోనే చూశాడు. ఆయన తయారుచేసిన కెంపు రంగు బంగారు ద్రవం ఉప్పు పడగానే నీలంగా మారింది. ఏ ఉప్పు ఎంత కావాలో కూర్చుని కొలిచినవాడు మాత్రం జర్మనీకి చెందిన హాన్స్ షుల్జ్. 1882లో ఆయన ఆర్సెనిక్ సల్ఫైడ్ కొల్లాయిడ్‌ను పట్టుకున్నాడు. అది పసుపుపచ్చని ద్రవం, రేణువులది మన బంకమన్ను లాగే ఋణావేశం. తర్వాతివాళ్లు అదే ద్రవం మీద కొలిచిన అంకెలు నేటికీ పాఠ్యపుస్తకాల్లో అచ్చవుతున్నాయి. లీటరు ద్రవాన్ని ముద్దకట్టించడానికి సోడియం క్లోరైడ్ 51 మిల్లీమోల్‌లు కావాలి. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 0.72 చాలు. అల్యూమినియం క్లోరైడ్ అయితే 0.093. మోల్ అంటే అయాన్లను లెక్కబెట్టే కొలమానం గనుక, ఈ అంకెలను అయాన్ల తలలెక్కగానే తీసుకోవచ్చు. ఒక్క మెగ్నీషియం అయాను డెబ్బై సోడియం అయాన్ల పని చేస్తోంది. ఒక్క అల్యూమినియం అయాను అయిదు వందలకు పైగా సోడియం అయాన్లకు సమానం.

విలియం బేట్ హార్డీ అనే ఆంగ్లేయుడు 1900లో దీనికి రెండో సగం కలిపాడు. రేణువు మీద ఏ ఆవేశం ఉందో, దానికి వ్యతిరేకావేశం ఉన్న అయానే పని చేస్తుంది, తోటి అయాను ఏదైనా పెద్ద తేడా రాదు. ధనావేశం ఉన్న ఐరన్ హైడ్రాక్సైడ్ కొల్లాయిడ్ తీసుకుంటే కథ తలకిందులవుతుంది. అక్కడ సోడియం క్లోరైడ్ 9.25 మిల్లీమోల్‌లు కావాల్సి వస్తే, పొటాషియం సల్ఫేట్ 0.205 సరిపోతుంది. రెండు ఋణావేశాలున్న సల్ఫేట్ అయాను పనితనం అది. ఈ రెండు సగాలూ కలిపితే హార్డీ–షుల్జ్ నియమం. ప్రవేశ పరీక్షలకు చదివే పిల్లలు సోడియం కన్నా బేరియం, దానికన్నా అల్యూమినియం అని వరస బట్టీ పడతారు. డెబ్బై రెట్లు, అయిదొందల రెట్లు ఎందుకు అని ఎవరూ అడగరు, అడగాల్సిన ప్రశ్న అదే.

ఎందుకంటే సులువుగా తోచే జవాబు ఇక్కడ తప్పుతుంది. మెగ్నీషియానికి రెండు ఆవేశాలున్నాయి, సోడియానికి ఒకటి. కాబట్టి మెగ్నీషియం రెండింతలు పని చేస్తుంది, అల్యూమినియం మూడింతలు. రేకు ఆవేశాన్ని తీర్చడమే పనైతే లెక్క ఇంతకు మించకూడదు. మరి రెండింతలు పోయి డెబ్బై ఎలా వచ్చింది?

రేకు దగ్గర అయాన్ల రద్దీ ఎలా పెరుగుతుందో చూస్తే తెలుస్తుంది. రేకు ఉపరితలం మీద విద్యుత్ పొటెన్షియల్ 75 మిల్లీవోల్టులు ఉందనుకుందాం. మామూలు ఉష్ణోగ్రతలో నీటి అణువుల కుదుపు ఒక ఆవేశం ఉన్న అయాను మీద చూపే బలాన్ని సుమారు 25 మిల్లీవోల్టులతో పోల్చవచ్చు. అంటే సోడియం అయానును లాగే బలం చెదరగొట్టే బలానికి మూడింతలు. ఇలాంటి చోట రద్దీ కూడికగా పెరగదు, గుణకారంగా పెరుగుతుంది. మూడింతల లాగుడుకు రేకు దగ్గర సోడియం, దూరంగా ఉన్న నీటిలోకన్నా ఇరవై రెట్లు చిక్కగా ఉంటుంది. మెగ్నీషియానికి ఆవేశం రెట్టింపు కాబట్టి లాగుడు ఆరింతలు. రద్దీ మాత్రం ఇరవైకి రెట్టింపుగా నలభై కాదు, ఇరవై ఇరవైలు, అంటే నాలుగు వందల రెట్లు. అల్యూమినియానికి ఇరవైని మూడుసార్లు గుణించాలి, ఎనిమిది వేల రెట్లు.

బయటి నీటిలో మెగ్నీషియం కొద్దిగా ఉన్నా రేకు దగ్గర గుమిగూడుతుందన్నమాట. దానికి తోడు, గుమిగూడిన ప్రతి అయానూ పొరను సన్నం చేయడంలో తన ఆవేశపు వర్గానికి తగ్గట్టు పని చేస్తుంది. రెండు ఆవేశాలుంటే నాలుగింతలు, మూడుంటే తొమ్మిదింతలు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఫలితం ఎక్కడికో పోతుంది. 1941లో సోవియట్ శాస్త్రజ్ఞులు డెర్యాగిన్, లాండౌ, 1948లో డచ్చివాళ్లు వెర్వే, ఓవర్‌బీక్ విడివిడిగా ఈ లెక్కను చివరిదాకా చేశారు. బలమైన ఆవేశం ఉన్న రేణువులకు, కావలసిన ఉప్పు అయాను ఆవేశపు ఆరో ఘాతాన్ని బట్టి తగ్గుతుందని తేలింది. రెండు ఆవేశాలకు 64 రెట్లు, మూడింటికి 729 రెట్లు. కొలిచిన అంకెలు డెబ్బై, దాదాపు అయిదొందల యాభై. రేణువులను పట్టి చూసే పరికరాలు లేని రోజుల్లో, కాగితం మీద వేసిన లెక్క ఇంత దగ్గరగా రావడం చిన్న సంగతేమీ కాదు.

ఒక మాట చెప్పాలి. ఆరో ఘాతం పవిత్ర సూత్రం కాదు. రేణువు మీద ఆవేశం బలహీనంగా ఉంటే లెక్క రెండో ఘాతం దాకా పడిపోతుంది, అప్పుడు మెగ్నీషియం సోడియానికి నాలుగింతలే. నిజమైన బంకమన్ను ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడో ఉంటుంది. పుస్తకంలో అంకెను తెచ్చి నది మీద వేసేటప్పుడు ఇది గుర్తుండాలి.

అది గుర్తు పెట్టుకునే, ఇప్పుడు ఆ అంకెలతో ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నడుద్దాం. అసలు సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో సోడియం దాదాపు 470 మిల్లీమోల్‌లు, మెగ్నీషియం 53, కాల్షియం 10. పాయలో మనం కిందికి పోయే కొద్దీ మంచినీటిలో ఇది కొంచెం కొంచెం కలుస్తుంది. లీటరుకు అర గ్రాము లవణం ఉన్న చోటు చూడండి. నాలుక మీద వేసుకుంటే ఉప్పదనం ఉందో లేదో తేల్చుకోలేని నీళ్లవి. అక్కడ సోడియం 7 మిల్లీమోల్‌ల లోపు. షుల్జ్ పసుపు ద్రవానికి కావలసిన 51కి అది ఏ మూలకూ రాదు. మెగ్నీషియం 0.75. దానికి కావలసింది 0.72 కదా, అప్పుడే గీత దాటేసింది. సోడియం తన గీత దాటాలంటే లవణం నాలుగు గ్రాములకు దగ్గరపడాలి. అదే ద్రవం గోదావరిలో ప్రవహిస్తుంటే, సోడియం పనికొచ్చే చోటికి ఎంతో ఎగువనే మెగ్నీషియం దాన్ని ముద్దకట్టించేది. సముద్రంలో సోడియం సంఖ్య తొమ్మిది రెట్లు ఎక్కువైనా సరే.

బంకమన్నుతో చేసిన ప్రయోగాలు కూడా ఈ దారిలోనే ఉన్నాయి. లీటరుకు అర గ్రాము నుంచి రెండున్నర గ్రాముల లవణం మధ్యనే వేర్వేరు బంకమన్నులు ముద్దకట్టడం మొదలుపెడతాయి. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కేయొలినైట్ ముందు, మన నల్లరేగడి మాంట్‌మొరిల్లొనైట్ చివర. అసలు సముద్రం ఉప్పులో పదో వంతు చేరకముందే కథ ముగిసిపోతుంది. ఇక ఆ తర్వాత నీళ్లు ఎంత ఉప్పనైనా కొత్తగా జరిగేది తక్కువ, గట్టు అప్పటికే నేలమట్టం.

ముద్ద అంటే గట్టి ఉండ కాదు. ఎక్కువ భాగం నీళ్లే ఉండే బోలు ముద్ద, వేలితో తాకితే చెదిరిపోతుంది. అయినా పరిమాణం పెరిగింది కదా. ఒక మైక్రాన్ రేణువులు వేలకు వేలు చేరి నూరు మైక్రాన్ల ముద్ద అయితే, సెకనుకు అర మిల్లీమీటరు చొప్పున దిగుతుంది. అయిదు మీటర్ల లోతుకు మూడు గంటలు. ముందు చెప్పుకున్న యాభై రోజులకూ ఈ మూడు గంటలకూ ఉన్న తేడాయే కోరంగి బురదకు కారణం.

ఇక్కడ ఒక మోసం ఉంది. ముఖద్వారం దగ్గర దిగిన బురదను సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపితే, ఇది ఒక మైక్రాన్ మట్టి అని రిపోర్టు వస్తుంది. మట్టి రేణువుల సైజు తేల్చే పద్ధతిలో మొదటి మెట్టే ముద్దలను విడగొట్టడం. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపి గిలక్కొడతారు. ఆ మందు కాల్షియం, మెగ్నీషియంలను లాగేసి, వాటి చోట సోడియాన్ని నిలిపి, రేణువుల ఋణావేశాన్ని ఇంకా పెంచుతుంది. నది చేసిన పనిని బీకరులో చెరిపేశాక కొలిచిన అంకె అది. నీళ్లలో నిజంగా ఏ సైజు ముద్ద దిగిందో తెలియాలంటే అక్కడికక్కడే, నీటిలో కెమెరా దించి చూడాలి. లేదంటే చవకైన పరీక్ష ఒకటుంది. బురదనీటిని రెండు సీసాల్లో తీసుకుని, ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాని ఉప్పును శుద్ధజలంతో పలుమార్లు కడిగి గిలక్కొట్టండి. కడిగినది మళ్లీ మడ్డిగా నిలిచిపోయి, కడగనిది తేటపడితే, అక్కడ పని చేసింది ఉప్పే.

పాఠ్యపుస్తకాల్లో మరో మాట కనిపిస్తుంది: నదీ ముఖద్వారాల్లో డెల్టాలు స్కందనం వల్ల ఏర్పడతాయి. ఇది సగం నిజం. డెల్టా కట్టడానికి ఉప్పు తప్పనిసరి కాదు. సెలెంగా నది బైకాల్ సరస్సులో, రోన్ నది జెనీవా సరస్సులో కలిసే చోట చక్కని డెల్టాలున్నాయి. రెండూ మంచినీటి సరస్సులే. నీటి వేగం తగ్గగానే ఇసుక, ముతక ఒండ్రు వాటంతట అవే దిగుతాయి. వాటికి కొల్లాయిడ్ శాస్త్రంతో పని లేదు. కాకినాడ అఖాతానికి అడ్డుగా సాగిన హోప్ దీవి కూడా నది తెచ్చిన ఇసుకను అలలు తీరం వెంట నెట్టి కట్టిన తిన్నె. ఉప్పు చేసే పని సన్నని బంకమన్నుకు సంబంధించింది. అది లేకపోతే డెల్టా ఉంటుంది, ఇసుక తిన్నెలా ఉంటుంది. మడ అడవి నిలబడే జిగటనేల ఇంత దగ్గర్లో ఉండకపోవచ్చు.

నదిలో ఇంకో చిక్కు కూడా ఉంది. గోదావరి నీటిలో సముద్రం కలవకముందే కొంత కాల్షియం ఉంటుంది. దాని వల్ల, పాచి, సూక్ష్మజీవులు వదిలే జిగురు వల్ల కొంత మట్టి ఎగువ నుంచే వదులు ముద్దలుగా వస్తుంది. మరోపక్క కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు రేణువులకు పూతలా పట్టి ఋణావేశాన్ని పెంచి, ముద్దకట్టనివ్వకుండా చేస్తాయి. పైగా ఉప్పు చేసేది ఒక్కటే, ఢీకొన్నవి అతుక్కునేలా చూడడం. ఢీకొనడం మట్టి ఎంత చిక్కగా ఉందో, నీళ్లు ఎంత సుడి తిరుగుతున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. సుడి మరీ ఎక్కువైతే కట్టిన ముద్దలే చిట్లుతాయి. వరద రోజుల్లో తేలికైన మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ సముద్రంలోకి చాలా దూరం పోతుంది, కలయిక అక్కడ జరుగుతుంది. ఎండాకాలంలో ఉప్పునీరే పాయల్లోకి ఎగదన్నుతుంది. ముద్దకట్టే చోటు ఏడాది పొడుగునా ఒకే చోట ఉండదు.

దీన్ని ఇంట్లో చూడవచ్చు. నల్లరేగడి గానీ చెరువు ఒండ్రు గానీ గుప్పెడు తీసుకుని బకెట్టు వాననీటిలో బాగా కలిపి ఒక రాత్రి వదిలేయండి. పైన మిగిలిన మడ్డినీటిని కదపకుండా నాలుగు లీటరు సీసాల్లోకి తీయండి. ఒకదానిలో ఏమీ వేయవద్దు. మిగతా మూడింటిలో అర గ్రాము చొప్పున ఒకదానిలో ఉప్పు, ఒకదానిలో మందుల షాపులో దొరికే ఎప్సమ్ ఉప్పు, ఒకదానిలో పటిక పొడి కలపండి. కంసాలి త్రాసుతో తూస్తే మంచిది. బరువు సమానమే కానీ తలలెక్క సమానం కాదు. అర గ్రాము ఉప్పులో ఎనిమిదిన్నర మిల్లీమోల్‌ల సోడియం ఉంటే, ఎప్సమ్‌లో రెండు మిల్లీమోల్‌ల మెగ్నీషియం, పటికలో ఒక మిల్లీమోల్ అల్యూమినియం. తక్కువ తలలున్నవే ముందు గెలుస్తాయి. పటిక సీసాలో కాసేపటికే తునకలు కనిపిస్తాయి, ఎప్సమ్ ఆ తర్వాత. ఉప్పు సీసా మొండికేస్తే ఒక్కో గ్రాము పెంచుతూ పోండి.

ప్రయోగం తప్పేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, బోరునీళ్లు వాడడం. వాటిలో కాల్షియం ముందే ఉంటుంది కాబట్టి ఏమీ వేయని సీసా కూడా తేటపడిపోతుంది. రెండోది, కల్లుప్పు వాడడం. వానాకాలంలో జాడీలో చెమ్మగిల్లేది అందులోని మెగ్నీషియం క్లోరైడే, అది ఉంటే మీరు పరీక్షించేది సోడియాన్ని ఒక్కదాన్నే కాదు. మెత్తని ప్యాకెట్ ఉప్పే వాడాలి.

పటిక గెలిచినంత మాత్రాన అదంతా మూడు ఆవేశాల మహిమే అనుకోకూడదు. అల్యూమినియం మామూలు నీటిలో విడి అయానుగా ఎక్కువసేపు నిలవదు, హైడ్రాక్సైడ్‌గా మారి తునకలు కడుతుంది. ఆ తునకలు దిగుతూ దారిలోని మట్టిని తమతో ఈడ్చుకుపోతాయి. పటిక అతిగా వేస్తే మరో చిత్రం జరగవచ్చు. రేణువు మీద అల్యూమినియం మరీ ఎక్కువ చేరి, ఆవేశం తిరగబడి ధనావేశమై, నీళ్లు మళ్లీ మడ్డిగానే ఉండిపోతాయి. మంచినీటి ప్లాంట్లలో వరుసగా బీకర్లు పెట్టి ఒక్కోదానిలో ఒక్కో మోతాదు వేసి చూసేది ఇందుకే, దాన్ని జార్ టెస్ట్ అంటారు. మన పల్లెల్లో కుండ లోపల చిల్లగింజ అరగదీసేవాళ్లు. దాని పని వేరే రకం, పొడుగాటి అణువులు రేణువులను కలిపి కట్టడం.

ఇదే నియమం డెల్టా రైతు దగ్గరకు వచ్చేసరికి తిరగబడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినట్టు, సముద్రం పొలం మీదికి వచ్చిందనుకోండి. నీళ్లు తీసిన వెంటనే మట్టి పైకి బాగానే కనిపిస్తుంది, గుల్లగా ఉంటుంది. ఉప్పు ఉన్నంతసేపూ బంకమన్ను ముద్దకట్టే ఉంటుంది కదా. అసలు దెబ్బ తర్వాతి వానల్లో తగులుతుంది. వాననీరు ఉప్పును కడిగేస్తుంది, కానీ రేకులకు పట్టిన సోడియం పోదు. ఉప్పు గీత కిందికి దిగాక సోడియం ఒక్కటే రేకులను కలిపి ఉంచలేదు. మట్టి విడిపోయి రంధ్రాలను మూసేస్తుంది, నీళ్లు ఇంకవు, ఆరితే నేల రాయిలా బిగుస్తుంది. ఉప్పు కడిగేద్దామని మంచినీళ్లు పెట్టిన కొద్దీ నేల పాడవుతున్నట్టు అనిపించేది ఇందుకే. చౌడు భూములకు జిప్సం వేయమనడం వెనక ఉన్నది కాల్షియానికి ఉన్న ఆ రెండు ఆవేశాలే. జిప్సం లీటరు నీటికి రెండున్నర గ్రాముల దాకా కరిగి, 15 మిల్లీమోల్‌ల కాల్షియం ఇస్తుంది. ఆ కాల్షియం సోడియాన్ని రేకుల మీంచి తోసి తాను కూర్చుంటుంది. అప్పుడు ఉప్పు కడిగేసినా ముద్దలు విడిపోవు.

అందుకని ఉప్పునీరు ఎక్కిన పొలం ఉన్నవాళ్లు ముందు మట్టి పరీక్ష చేయించి, ఉప్పుతో పాటు సోడియం శాతం కూడా అడిగి రాయించుకోండి. సోడియం ఎక్కువని వస్తే, చెప్పిన మోతాదు జిప్సం చల్లి, కలియదున్నాకే మంచినీళ్లు పెట్టండి, నీళ్లు బయటికి పోయే మురుగుకాలవ ఉందో లేదో చూసుకోండి.